ఆలస్యమైన సరుకు, కోపంలో కొట్టిన మెయిల్: అపోహలు – వాస్తవాలు

ప్యాకింగ్ సామగ్రి కొనుగోలు విభాగంలో పనిచేస్తాను కాబట్టి, సరఫరాదారులకు మా వాళ్లు రాసే ఫిర్యాదు మెయిళ్లు తరచుగా నా కంటపడుతుంటాయి. వాటిలో ఒకదాన్ని ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నాను. జూన్ 10 నాటికి రావలసిన 5,000 అట్టపెట్టెలు 17వ తేదీకి కూడా రాకపోవడంతో, నింపిన సీసాలు పెట్టెలు లేక నేల మీదే పేరుకుపోతున్న సమయంలో, సహోద్యోగి ఒకరు ఇంగ్లిషులో గబగబా మెయిల్ కొట్టి పంపేశారు. కోపం న్యాయమైనదే, మెయిల్ మాత్రం మమ్మల్నే ఇరుకున పెట్టింది.

అపోహ: కోపం ఎంత ఘాటుగా కనిపిస్తే లారీ అంత త్వరగా కదులుతుంది.

వాస్తవం: మన మెయిల్ చివరకు చేరేది డిస్పాచ్ గుమాస్తా దగ్గరికి. ఆయన వెతికేది పర్చేజ్ ఆర్డర్ నంబరు, సరుకు పేరు, ఎన్ని రావాలి, ఎప్పటికి రావాలి అన్న నాలుగు వివరాలే. మా మెయిల్‌లో తిట్లకు ఒక పేరా మొత్తం కేటాయించారు గానీ, 1147 అని ఉండవలసిన ఆర్డర్ నంబరు 1174 అయింది. ఆ నంబరు గల ఆర్డర్ ఎప్పుడో పూర్తయిపోయింది. “మీరు చెప్పిన సరుకు ఇప్పటికే అందజేశాము” అని అవతలి నుంచి మర్యాదగా జవాబు వచ్చింది, ఆ రోజు అలా వృథాగా గడిచిపోయింది.

అపోహ: వ్యాకరణం ఎలా ఉన్నా భావం అర్థమైపోతుంది.

వాస్తవం: అర్థమవుతుంది, కానీ ఎవరికి అనుకూలంగా అన్నదే ప్రశ్న. సరుకు రాలేదు కాబట్టి ఇకపై చెల్లింపు ఆపుతామని మా సహోద్యోగి ఉద్దేశం. రాసింది మాత్రం కర్త లేక, కాలం తేలక, మధ్యలో చుక్కైనా లేకుండా, “పేమెంట్ స్టాప్డ్ మెటీరియల్ నాట్ రిసీవ్డ్” అని. దీన్ని చదివిన సరఫరాదారు, “చెల్లింపు ముందే ఆపేశామని మీరే ఒప్పుకున్నారు కదా, అందుకే సరుకు ఆగింది” అన్నారు. రెండు వాక్యాలను అతికించేయడంతో కారణం కార్యమైంది, కార్యం కారణమైంది. “మీరు 10వ తేదీకి సరుకు పంపలేదు. అది అందేవరకు తదుపరి చెల్లింపు చేయము” అని రెండు పూర్తి వాక్యాలు రాసి ఉంటే ఈ వాదనకు చోటే ఉండేది కాదు.

అపోహ: అక్షర దోషాలను కంప్యూటరే పట్టుకుంటుంది.

వాస్తవం: లేని పదాన్ని అది గుర్తిస్తుంది, కానీ ఉన్న పదం తప్పు చోట పడితే చాలాసార్లు వదిలేస్తుంది. 20వ తేదీ తర్వాత వచ్చే సరుకును “నాట్ యాక్సెప్ట్” అనబోయి మా వాళ్లు “నౌ యాక్సెప్ట్” అన్నారు. చివరి అక్షరం ఒక్కటి మారింది, కింద ఎర్రగీత పడలేదు, గడువు మేమే పొడిగించినట్టయింది. భారత ఒప్పందాల చట్టం, 1872లోని 55వ సెక్షన్ ప్రకారం, గడువే కీలకమైన ఒప్పందంలో ఆలస్యంగా వచ్చిన సరుకును కొనుగోలుదారు స్వీకరిస్తే, నష్టపరిహారం కోరే ఉద్దేశం ఉందని స్వీకరించేటప్పుడే తెలియజేయాలి, లేకపోతే ఆలస్యానికి పరిహారం అడిగే హక్కు ఉండదు. అలాంటి నోటీసుగా నిలవవలసిన కాగితం మీదే “ఇప్పుడు తీసుకుంటాం” అని ఉంటే, తరువాత బిల్లులో కోత పెట్టడానికి ఏ ముఖం పెట్టుకుని వెళ్తాం? (వివాదం పెద్దదైతే న్యాయవాదిని అడగవలసిందే, ఇది కొనుగోలు విభాగం అనుభవం మాత్రమే.)

అపోహ: మెయిల్ తప్పులతో వెళ్లిపోయినా వెనక్కి తీసుకోవచ్చు.

వాస్తవం: జీమెయిల్‌లో పంపడాన్ని రద్దు చేసుకునే వ్యవధి గరిష్ఠంగా 30 సెకన్లు. అవుట్‌లుక్‌లోని రీకాల్ బయటి సంస్థకు వెళ్లిన మెయిల్ మీద పనిచేయదు. మిగిలిన దారి, అదే మెయిల్ వరుసలో సవరణ పంపడం. మేము పంపినదాని సారాంశం ఇది:

“17వ తేదీ నాటి మా మెయిల్‌లో మూడు పొరపాట్లు దొర్లాయి. ఆర్డర్ నంబరును 1147గా చదువుకోగలరు. మీకు ఇప్పటివరకు ఏ చెల్లింపూ ఆపలేదు. 20వ తేదీ తర్వాత వచ్చే సరుకును స్వీకరించము. ఆలోగా వచ్చిన సరుకును స్వీకరించినా, ఆలస్యానికి ఆర్డర్‌లోని షరతు ప్రకారం పరిహారం కోరే హక్కును వదులుకోవడం లేదు. లారీ బయలుదేరే తేదీని రేపు మధ్యాహ్నం 12 గంటలలోగా తెలియజేయగలరు.”

ఇందులో ఒక్క తిట్టు లేదు, అయినా మెత్తగా ఉందని ఎవరూ అనలేరు. ఇప్పుడు మా విభాగంలో ఇలాంటి మెయిల్ రాసేటప్పుడు చిరునామా గడిని చివరిదాకా ఖాళీగా ఉంచుతాం. నంబర్లు, తేదీలను ఆర్డర్ కాగితం పక్కన పెట్టుకుని ఒకరు పైకి చదువుతుంటే మరొకరు సరిచూస్తారు. “కాదు”, “లేదు” అన్న అర్థం వచ్చే ప్రతి వాక్యాన్నీ రెండోసారి చదివిన తరువాతే చిరునామా నింపుతాం.