టైటిల్లో మాటలు కుక్కితే ఆర్డర్లు పెరుగుతాయా? ఒక కర్టెన్ల షాపు కథ

అపోహ: ఆన్‌లైన్లో అమ్మే సరుకు టైటిల్లో ఎన్ని మాటలు పెడితే అంతమందికి కనబడతాం, కనబడితే ఆర్డర్లు వాటంతటవే వస్తాయి.

ఆన్‌లైన్లో అమ్మేవాళ్ల లిస్టింగులు, అంటే ఒక్కో సరుకుకు పెట్టే పేజీలు, సరిచేయడం నా పని. కొత్తగా వచ్చేవాళ్లు దాదాపు అందరూ ఈ మాటే పట్టుకుని వస్తారు, ఎవరో వీడియోలో చెప్పారట. చెప్పినవాడికి పోయేదేముంది, రిటర్న్ పార్సెల్ ఖర్చు భరించేది మీరు కదా!

వాస్తవం: కనబడటం వేరు, నొక్కి చూడటం వేరు, కొనడం వేరు, కొన్నది వెనక్కి పంపకుండా ఉంచుకోవడం వేరు. మొదటిదాన్ని పెంచే మాటలే చివరిదాన్ని చెడగొట్టవచ్చు.

నాకు తెలిసిన ఒక కర్టెన్ల వ్యాపారి టైటిళ్లన్నీ "బెస్ట్ ప్రీమియం లేటెస్ట్ డిజైనర్ స్టైలిష్ బ్లాకౌట్ కర్టెన్" అని మొదలయ్యేవి. ఫోన్లో టైటిల్ మొదటి కొన్ని మాటలే కనబడతాయి, ఆ కాస్త చోటు పొగడ్తలకే సరిపోయేది. సైజు ఎక్కడో చివర్లో. వాళ్లమ్మాయి వీటిని తిరగరాస్తానని కూర్చుని, రాయడం మొదలుపెట్టకుండా ముందు రిటర్న్ కారణాలన్నీ చదివింది. అదే ఆ పిల్ల చేసిన తెలివైన పని. "ఒకటే వచ్చింది", "పొట్టిగా ఉంది", "వెలుతురు వస్తోంది", ఎక్కువగా ఈ మూడే. తర్వాత కౌంటర్ దగ్గర నిలబడి నాన్న కస్టమర్లను ఏమడుగుతాడో రాసుకుంది. కిటికీకా తలుపుకా, రాడ్ ఎంత వెడల్పు, రింగులు కావాలా. ఆయన నోటితో రోజూ అడిగే వాటిలో ఒక్కటీ ఆయన లిస్టింగులో లేదు!

కొత్త టైటిల్ ఇలా వచ్చింది: "డోర్ కర్టెన్, 7 అడుగుల పొడవు, 2 పీసుల సెట్, స్టీల్ రింగులు, ముదురు నీలం." వివరణలో ఒక్కొక్క పీసు వెడల్పు 4 అడుగులని, మడతలు నిండుగా పడాలంటే పీసుల మొత్తం వెడల్పు రాడ్ వెడల్పుకు ఒకటిన్నర నుంచి రెండింతలు ఉండాలని రాసింది. అంటే 4 అడుగుల రాడ్‌కు రెండు పీసులు కావాలి. ఒక్కటే వేస్తే దుప్పటి ఆరేసినట్టు ఉంటుంది. రింగు లోపలి కొలత కూడా ఇచ్చింది, ఎందుకంటే రాడ్ దానికంటే సన్నగా లేకపోతే కర్టెన్ ఎక్కదు.

అన్నీ ఒకేసారి మార్చలేదు. సగం లిస్టింగులు తిరగరాసి, మిగతా సగం, ధరలు, ఫొటోలు అలాగే ఉంచింది. అలా చేయకపోతే పండగ సేల్లో పెరిగిన ఆర్డర్లను చూసి అదంతా మన రాత గొప్ప అనుకుంటాం.

మొదట వ్యూస్ తగ్గాయి. "చూసేవాళ్లే తగ్గిపోతే కొనేదెవరమ్మా?" అని నాన్నకు టెన్షన్. ఆయన్ను తప్పుపట్టను, ఆ అంకె రోజూ కళ్లముందు పడిపోతుంటే ఎవరికైనా భయమే. కానీ వ్యూస్‌తో పాటు ఆర్డర్లు తగ్గలేదు. పోయినవాళ్లు ఎలాగూ కొననివాళ్లే. మెల్లగా రెండు పీసుల సెట్ల ఆర్డర్లు పెరిగాయి, "ఒకటే వచ్చింది" అనే ఫిర్యాదు దాదాపు ఆగిపోయింది. ఒంటి పీసు లిస్టింగుల్లో మాత్రం ఆర్డర్లు తగ్గాయి, ఇంతకుముందు రెండు వస్తాయనుకుని కొన్నవాళ్లు ఇప్పుడు కొనడం లేదు కాబట్టి. ఇక్కడే చాలామంది బెదిరిపోయి పాత టైటిల్ మళ్లీ పెట్టేస్తారు. ఒక లెక్క వేయండి: 100 ఆర్డర్లలో 25 వెనక్కి వస్తే మిగిలేవి 75, 85 ఆర్డర్లలో 5 వెనక్కి వస్తే మిగిలేవి 80. పైగా 20 పార్సెళ్ల రానుపోను ఖర్చు తప్పింది.

బ్లాకౌట్, అంటే వెలుతురును పూర్తిగా ఆపే గుడ్డ, అన్న మాట సంగతి కష్టమైంది. ఫోన్ టార్చ్ గుడ్డ వెనక పెడితే వెలుతురు స్పష్టంగా కనబడింది. "అందరూ అలాగే రాస్తారమ్మా" అన్నాడాయన. ఆ మాట తీసేసి, "పగలు ఎండ తీవ్రత తగ్గిస్తుంది, గది పూర్తిగా చీకటి కాదు, రాత్రి లోపల లైటు వేస్తే బయటికి నీడలు కనబడవచ్చు" అని రాసింది. ఆ లిస్టింగులో ఆర్డర్లు పడిపోయాయి, మళ్లీ పాత స్థాయికి రాలేదు. రాత మారిస్తే గుడ్డ మందం పెరగదు కదా. చివరికి నిజంగా చీకటి చేసే మందపాటి రకం విడిగా తెప్పించారు.

మిగతా అపోహలు గబగబా. రోజూ ఏదో ఒకటి మారిస్తే వెతికినప్పుడు పైన కనబడతామన్నది పుకారు, అలా మారిస్తే ఏ మార్పు పనిచేసిందో మీకే తెలియదు. పాత లిస్టింగ్ తీసేసి కొత్తది పెడితే మంచిదంటారు, పాత రివ్యూలు పోగొట్టుకుని మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. వివరణ ఎవరూ చదవరంటారు, సైజు మీద అనుమానం ఉన్నవాళ్లు చదువుతారు, రిటర్న్ పెట్టేదీ ఎక్కువగా వాళ్లే.

రంగు తేడా రిటర్న్స్ మాత్రం ఆ అమ్మాయి మాటలతో ఆపలేకపోయింది. ఒక్కో ఫోన్ స్క్రీన్లో ఒక్కోలా కనబడుతుంది మరి. పగటి వెలుతురులో ఫిల్టర్ లేకుండా తీసిన ఫొటో ఒకటి జతచేశాక ముదురు నీలంలో కొంత తగ్గాయి, మెరూన్‌లో ఇంకా వస్తూనే ఉన్నాయి.