చుక్కలు రాలిపోయిన అరబిక్ కాగితం: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో అరబిక్ కాగితాలను తెలుగులోకి, ఇంగ్లీషులోకి అనువదించడం నా పని. గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ల జీతం లెక్కలు, ఆస్పత్రి కాగితాలు, పెళ్లి పత్రాలు ఎక్కువగా వస్తాయి. అసలు కాగితం నా దాకా వచ్చేది తక్కువే. అక్కడ ఎవరో ఫోన్‌లో ఫోటో తీస్తారు, అది వాట్సాప్‌లో ఇద్దరు ముగ్గురి చేతులు మారుతుంది, చివరికి గవర్నర్‌పేటలో జిరాక్స్ తీయించి నా ముందు పెడతారు. అప్పటికి అక్షరాల గీతలు మిగులుతాయి, వాటి మీదా కిందా ఉండాల్సిన చుక్కలు పోతాయి. అలాంటి కాగితం గురించి నాకు తరచూ వినిపించే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: అరబిక్ బాగా వచ్చినవాళ్లకు చుక్కలతో పనిలేదు.

ఇందులో కొంత నిజం ఉంది. తొలినాటి ఖురాన్ రాతప్రతుల్లో చుక్కలు చాలా తక్కువ. కానీ వాటిని చదివినవాళ్లకు ఆ పాఠం ముందే కంఠతా వచ్చు. మన చేతిలో ఉన్న జీతం కాగితం ఎవరికీ కంఠతా రాదు.

అరబిక్‌లో 28 అక్షరాలు, వాటిలో 15 అక్షరాలకు చుక్కలుంటాయి. మాట మధ్యలో వచ్చినప్పుడు బ, త, స (థ అని పలికేది), న, య అనే ఐదూ ఒకే చిన్న పన్నులా కనిపిస్తాయి. ఆ పన్ను మీద ఒక చుక్క ఉంటే న, రెండుంటే త, మూడుంటే స, కింద ఒకటుంటే బ, రెండుంటే య. తెలుగులో థ లో చుక్క పోతే ధ అవుతుంది, కథ కాస్తా కధ అయినా చదివేవాడు ఆగడు. ఇక్కడ ఒక్క పన్నుకు ఐదు దారులు. మాటలో అలాంటి పళ్లు రెండుంటే లెక్క 25కి పోతుంది. వాటిలో అర్థమున్నవి రెండో మూడో ఉంటాయి, చిక్కంతా వాటితోనే.

బాగా వచ్చినవాళ్లకే ఇంకో ప్రమాదం కూడా ఉంది. కన్ను లేని చుక్కను తనే పెట్టుకుని ముందుకెళ్లిపోతుంది, పెట్టుకున్నట్టు మనకు తెలియదు. మామూలు వాక్యంలో దానివల్ల నష్టం లేదు. పేర్లలో మాత్రం సందర్భం ఏ సాయమూ చేయదు. నసీర్, బసీర్ అనే పేర్లు చుక్కలు తీసేస్తే ఒకటే. పేరు దగ్గర నేను అరబిక్ చూసి తేల్చను, పాస్‌పోర్టు జిరాక్స్ అడుగుతాను.

అపోహ: చుక్క లేదంటే కాగితం పాడైనట్టే.

ఈజిప్టు వాళ్లు మాట చివర య కింద రెండు చుక్కలు పెట్టకుండానే రాస్తారు, అచ్చు వేస్తారు. అది వాళ్ల అలవాటు. గల్ఫ్ కంపెనీల్లో గుమాస్తాలు చాలామంది ఈజిప్టు వాళ్లే కాబట్టి ఇది రోజూ కనపడుతుంది. "మీద" అనే అర్థమున్న అలా, అలీ అనే పేరు అలాంటి టైపింగ్‌లో ఒకేలా వస్తాయి. స్త్రీలింగపు మాట చివర వచ్చే గుండ్రటి త మీద రెండు చుక్కలు వదిలేసి హ లాగా కొట్టడం కూడా అన్ని దేశాల్లోనూ ఉన్నదే.

తేడా పట్టుకోవడం కష్టం కాదు. మాట చివరి య లన్నింటికీ చుక్కలు లేకుండా, మధ్యలో ఉన్న య లన్నింటికీ ఉంటే అది అలవాటు. ఒక మూలన, లేదా మడత వెంట మాత్రమే చుక్కలు పోయి ఉంటే అది కాగితం దెబ్బ. జిరాక్స్‌లో చుక్కలు పోవడమే కాదు, గాజు మీది దుమ్ము కొత్త చుక్కలు కూడా పెడుతుంది. అందుకే ముందు అక్షరాలు లేని ఖాళీ అంచులను చూస్తాను. అక్కడ కూడా చుక్కలు కనిపిస్తుంటే లోపల ఉన్న ఏ ఒంటి చుక్కనూ నమ్మను.

టైపు చేసి పంపిన పాఠమైతే ఇంకో తనిఖీ ఉంది. చివరి య కు యూనికోడ్‌లో వేర్వేరు కోడ్‌లు ఉంటాయి. `U+064A` అయితే చుక్కలున్న అరబిక్ య. `U+0649` అయితే చుక్కలు లేని రూపం. `U+06CC` వచ్చిందంటే కొట్టినవాడి కీబోర్డు ఉర్దూదో ఫార్సీదో, అతను య కొట్టాననే అనుకున్నాడు.

అపోహ: ఉర్దూ చదివే పెద్దమనిషి ఎవరైనా చెప్పేస్తారు.

మా దగ్గర గుంటూరు లాలాపేట నుంచి వచ్చేవాళ్లు చాలామంది ముందు ఇంట్లో పెద్దవాళ్లకు చూపించే వస్తారు. వాళ్ల చదువుకు నేను వంక పెట్టను. కానీ ఉర్దూలో చివరి య కు చుక్కలుండవు, చుక్క లేని న అక్కడ విడిగా ఒక అక్షరం. కాబట్టి ఉర్దూకు అలవాటైన కంటికి అరబిక్‌లో చుక్క పోయినచోట ఏదీ పోయినట్టు అనిపించదు.

అపోహ: సందర్భం చూస్తే ఏదో ఒకటి తేలిపోతుంది.

దీని దగ్గర కాసేపు ఆగాలి. ఒకాయన తన బావ కాగితం తెచ్చాడు. ఆ బావ సౌదీలో నాలుగేళ్లు పనిచేసి వచ్చాడు, కంపెనీయే కాంట్రాక్టు ముగించింది. కాగితం పేరు ముఖాలసా, అంటే లెక్క తేల్చుకున్న పత్రం. ఫారం అచ్చుది, అంకెలు, మొత్తం మాత్రం పెన్నుతో నింపారు. "అన్నా, మా వీధిలో చదివించాం, ఏడు వేల రియాళ్లన్నారు. మా బావేమో తొమ్మిదంటున్నాడు" అన్నాడాయన.

అరబిక్‌లో ఏడు సబ్అ, తొమ్మిది తిస్అ, రాత ఇలా ఉంటుంది. కింది రెండు వరుసలు చుక్కలు పోయాక.

```
سبعة   7
تسعة   9

سٮعه   7
ٮسعه   9
```

సబ్అలో ముందు మూడు పళ్లుండే, చుక్కల్లేని వేరే స, తర్వాత ఒక పన్ను బ. తిస్అలో ముందు ఒక పన్ను త, తర్వాత మూడు పళ్ల స. చుక్కలు తీసేస్తే రెండింటిలోనూ వరసగా నాలుగు పళ్లే. అచ్చులో బ, త ల పన్ను కాస్త ఎత్తుగా ఉంటుంది, అది ఎటు చివర ఉందో చూడొచ్చు. చేతిరాతలో ఇంకాస్త నయం. వేగంగా రాసే రుఖా రాతలో స కు పళ్లు చెక్కరు, సాగిన గీత లాగేస్తారు. గీత తర్వాత పన్ను వస్తే ఏడు, పన్ను తర్వాత గీత వస్తే తొమ్మిది. ఆ రాతలో రెండు చుక్కలను కూడా విడివిడిగా పెట్టరు, చిన్న అడ్డగీత గీస్తారు. దాన్ని మరక అనుకుని కొట్టేయకూడదు. ఈ కాగితంలో మడత సరిగ్గా ఆ మాట మీదే పడింది, మొదటి పన్ను ఉందో లేదో తెలియలేదు.

అంకెలు చూద్దామంటే అక్కడ ఇంకో చిక్కు. అరబ్బులు వాడే అంకెల్లో సున్నా అంటే ఒక చుక్కే. చుక్కలు పోయాయంటే సున్నాలూ పోయినట్టే. (మనకు సున్నాలా కనిపించే గుండ్రం వాళ్లకు 5, దాంతో వచ్చే గొడవలు వేరే.) పట్టికలో సర్వీసు ముగింపు సొమ్ము ఎదురుగా 3, జీతం బకాయి ఎదురుగా 45, సెలవు ఎదురుగా 15 మిగిలాయి. మొత్తం అంకె చిరిగిపోయింది.

ఇక్కడ పనికొచ్చింది ఆ సందేహపు మాట పక్కన ఉన్న ఆలాఫ్, అంటే వేలు. బహువచనంలో ఈ మాట 3 నుంచి 10 దాకా ఉన్న అంకెల తర్వాతే వస్తుంది, కాబట్టి డెబ్బై వేలు, తొంభై వేలు అనే ప్రశ్న లేదు. మొత్తం ఏడు వేలో, తొమ్మిది వేలో అయ్యి తీరాలి. పట్టికకు సున్నాలు ఎన్ని విధాలుగా పెట్టి కూడినా 7000 రాదు. 3000, 4500, 1500 కలిపితే 9000 వస్తుంది. ఇంకో ఆధారం కూడా తోడైంది. సౌదీ కార్మిక చట్టంలో సర్వీసు ముగింపు సొమ్ము మొదటి ఐదేళ్లకు ఏడాదికి సగం నెల జీతం. కాగితం పైభాగంలో నెల జీతం 1500 అని అక్షరాల్లో స్పష్టంగా ఉంది. నాలుగేళ్లకు 3000 సరిపోయింది. తొమ్మిది అని రాశాను.

అదే కాగితంలో కింది వాక్యం మాత్రం లొంగలేదు. మొదటి మాటకు మొదటి పన్ను చుక్కలు పోయాయి.

```
تسلم العامل مستحقاته
يسلم العامل مستحقاته
نسلم العامل مستحقاته
```

మొదటిది తసల్లమ, కార్మికుడు తన బకాయిలు అందుకున్నాడు. రెండోది యుసల్లమ్, కార్మికుడికి బకాయిలు ఇవ్వాలి. మూడోది నుసల్లిమ్, కార్మికుడికి మేం బకాయిలు ఇస్తాం. మూడూ వ్యాకరణానికి సరిపోతాయి, మూడూ ముఖాలసాలో రాయదగ్గ వాక్యాలే. మొదటిదైతే కంపెనీ చేతిలో రసీదు ఉన్నట్టు. మిగతా రెండైతే కంపెనీ ఇంకా డబ్బు ఇవ్వాలి.

ఆయన సంతకాల చోటు చూపించాడు. "తీసుకున్నవాడి సంతకం అని ఉన్నచోట ఖాళీగా ఉంది కదన్నా, మరి ఇవ్వలేదనేగా?" మంచి వాదనే, లాయరుకు పనికొస్తుంది. కానీ సంతకం లేకపోవడం వల్ల తెలిసేది బావ సంతకం పెట్టలేదని మాత్రమే. గుమాస్తా ఏ క్రియ టైపు చేయించాడో దానివల్ల తేలదు. డబ్బు ముట్టిందా లేదా అన్నది ఒక ప్రశ్న, కాగితంలో ఏం రాసి ఉందన్నది ఇంకో ప్రశ్న. నా పని రెండోదాని దగ్గరే ఆగాలి. క్లయింటు మీద జాలితో యుసల్లమ్ అని చదివితే, రేపు అవతలివాళ్లు అసలు కాగితం తెచ్చి చూపించినప్పుడు నా అనువాదం మొత్తం అనుమానంలో పడుతుంది. సరిగ్గా చదివిన తొమ్మిది వేలు కూడా దాంతోపాటే పోతుంది.

అపోహ: అనుమానం రాసి ఇస్తే అనువాదం విలువ తగ్గుతుంది.

ఆఫీసుల్లో భయపడేది ఇందుకే. "బ్రాకెట్లు పెట్టకండి సార్, రిజెక్ట్ చేస్తారు" అంటారు. నా అనుభవంలో తిరిగొచ్చేవి వివరణ లేని ఖాళీలు, చుక్కల గీతలు. ఆ వాక్యం దగ్గర నేను పెట్టిన గమనిక ఇది: "మొదటి అక్షరం చుక్కలు ఈ నకలులో కనిపించడం లేదు. అందుకున్నాడు, ఇవ్వాలి, ఇస్తాం అనే మూడు విధాలుగానూ చదవవచ్చు. అసలు పత్రం చూస్తే తప్ప నిర్ణయించలేము." తొమ్మిది వేల దగ్గర ఇంకో గమనిక: "మాటలో చుక్కలు లేవు, పట్టికలోని మూడు మొత్తాల కూడికను బట్టి చదివినది." ఊహించి చదివినదానికీ కంటితో చదివినదానికీ తేడా చదివేవాడికి కనిపించాలి.

గమనిక పెట్టేముందు చేయాల్సిన పని ఒకటుంది, అసలు కాగితం కోసం అడగడం. దొరక్కపోతే కనీసం అసలు ఫోటో. మొదట తీసినవాళ్ల ఫోన్‌లోంచి వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమంటాను, అప్పుడు సైజు కుదించుకుపోదు. కాగితమే దొరికితే మడత విప్పి గాజు కింద చదునుగా పెట్టి, కిటికీ వెలుగు పక్కనుంచి పడేలా చూస్తాను. బాల్‌పెన్ను రాతైతే సిరా పోయినా నొక్కు మిగులుతుంది, ఏటవాలు వెలుగులో ఆ గుంట నీడ కనపడుతుంది. అచ్చు అక్షరానికి ఆ సౌకర్యం లేదు.

వాళ్ల బావ సూట్‌కేసులో అసలు ముఖాలసా దొరికింది. నొక్కు చూస్తే తొమ్మిది సరిపోయింది. అచ్చు వాక్యంలో మొదటి పన్ను కింద, మడతకు ఇవతల, రెండు చుక్కలు శుభ్రంగా ఉన్నాయి. యుసల్లమ్. పాత గమనిక తీసేసి, అసలు పత్రం చూసి అనువదించినట్టు తేదీ వేసి కొత్త కాపీ ఇచ్చాను.