నిండిన ట్యాంకు, రాని నీలం

ఇంక్ ట్యాంక్ ప్రింటర్‌లో నీలం సిరా అడుగు గీత కిందికి దిగిపోయినా మరికొన్ని పేజీలు అచ్చువేసి, ఆ తర్వాత ట్యాంకు నింపామనుకుందాం. ట్యాంకు నిండుగానే కనిపిస్తుంది, కాగితం మీద మాత్రం నీలాకాశం గులాబీ రంగులోకి తిరుగుతుంది. తప్పు కొత్త సిరాది అనుకుంటాం గాని, ఎక్కువసార్లు అసలు కారణం గాలి. ట్యాంకు ఖాళీ అయినప్పుడు గొట్టంలోకి చేరిన గాలి, ఇప్పుడు కొత్త సిరాకూ ప్రింట్ హెడ్‌కూ మధ్య చిక్కుకుని ఉంటుంది. చాలా మోడళ్లలో స్కానర్ మూత ఎత్తి చూస్తే హెడ్ వైపు సాగే సన్నని గొట్టాలు కనిపిస్తాయి. వాటిలో నీలం గొట్టం అక్కడక్కడా రంగు లేకుండా తెల్లగా ఉంటే అదే గాలి.

ఇంత చిన్న బుడగ అంత పని ఎలా చేస్తుంది? పీజో రకం హెడ్‌లో విద్యుత్తు అందగానే ఒక పలుచని పొర కదిలి, సిరా ఉన్న చిన్న గదిని నొక్కుతుంది. ద్రవం దాదాపు కుదించుకుపోదు కాబట్టి ఆ ఒత్తిడంతా రంధ్రం దగ్గరికి చేరి చుక్క బయటికి దూకుతుంది. గదిలో బుడగ ఉంటే, చుక్కను తోయవలసిన ఒత్తిడి బుడగను కుదించడానికే ఖర్చయిపోతుంది.

ఎండిన సిరా అడ్డుపడినా రంగు పోతుంది కనుక ముందు నాజిల్ చెక్ పేజీ తీయాలి, అంటే హెడ్ రంధ్రాలన్నీ పనిచేస్తున్నాయో లేదో గీతలతో చూపే పరీక్ష పేజీ. ప్రతిసారీ అవే గీతలు తెగిపోతుంటే రంధ్రాలు పూడుకున్నాయని, తెగిన చోట్లు మారుతుంటే, లేదా క్లీనింగ్ చేశాక ఇంకా ఎక్కువ గీతలు పోతే, గాలి ఉందని అనుమానించవచ్చు.

హెడ్ క్లీనింగ్ నొక్కినప్పుడు హెడ్ కింద ఒక రబ్బరు మూత అతుక్కుని, చిన్న పంపు రంధ్రాల గుండా సిరాను పీలుస్తుంది. ఒకసారి చేసి నాజిల్ చెక్ చూడాలి. రెండు మూడుసార్లకూ ఫలితం లేకపోతే అదే పని మళ్లీ మళ్లీ చేయడం సిరా దండగ. అప్పుడు ప్రింటర్‌ను ఆపి కనీసం 12 గంటలు కదపకుండా ఉంచడం మేలు. ఈ సమయంలో చిన్న బుడగలు కొన్ని సిరాలో కరుగుతాయి, కొన్ని ఒకటిగా కలుస్తాయి. ఓపిక లేనివారు ఈ మెట్టే దాటేస్తారు.

అప్పటికీ నీలం రాకపోతే పవర్ క్లీనింగ్ మిగిలింది. మోడల్‌ను బట్టి దీని పేరు మారుతుంది. ఇది గొట్టాల్లోని పాత సిరాను గాలితో సహా లాగేస్తుంది, అన్ని రంగులనూ ఖర్చుచేస్తుంది. అందుకే ప్రతి ట్యాంకూ కనీసం మూడో వంతు నిండి ఉండాలి. లేకపోతే పంపు మళ్లీ గాలినే పీలుస్తుంది. ఆ సిరా అంతా వేస్ట్ ఇంక్ ప్యాడ్‌లోకి చేరుతుంది, ప్యాడ్ నిండితే ప్రింటర్ పని ఆపేస్తుంది.

పవర్ క్లీనింగ్ తర్వాత గొట్టంలోని తెల్లని ముక్కలు హెడ్ వైపు జరిగాయా లేదా చూడాలి. జరిగితే మరో 12 గంటలు ఆగి నాజిల్ చెక్ తీయడమే. నీలం ఒక్కటే జరగకపోతే ఆ గొట్టం ఎక్కడైనా మడతపడిందేమో వెతకాలి. ఏ రంగూ కదలకపోతే, రవాణా కోసం మూసే మీట ఉన్న మోడళ్లలో అది ఇంకా మూసే ఉందేమో ముందు చూసుకోవాలి. అదీ సరిగ్గా ఉంటే రబ్బరు మూత హెడ్‌కు గట్టిగా అతకడం లేదేమో, మూత అంచున గడ్డకట్టిన సిరాను తడి గుడ్డతో తుడవాలి.