కిరీటం మారితే మూడు వెర్షన్లు

పాత వెర్షన్ల దగ్గర ఆగిపోయిన జట్లను ఇంకా ఎంతకాలం మోయాలి? ఉమ్మడి కాంపొనెంట్ లైబ్రరీ ఉన్న ప్రతి చోటా కొత్త పెద్ద వెర్షన్ వచ్చినప్పుడల్లా లేచే తగవే ఇది. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైటు గవ్.యూకే సేవలకు బటన్లు, ఫారాలు, హెడర్లు అందించే `govuk-frontend` అనుభవాన్ని ఇందులో ఇరుపక్షాలూ, అంటే లైబ్రరీని నడిపే కేంద్ర జట్టూ దాన్ని వాడే సేవల జట్లూ, తమకే సాక్ష్యంగా చూపుకుంటున్నాయి. 2018లో అది ఎలా మొదలైందో చాలామందికి తెలుసు. ఇప్పటి వాదనకు పనికొచ్చే ఘట్టం మాత్రం 2024 ఫిబ్రవరిది.

రాణి ఎలిజబెత్ సెయింట్ ఎడ్వర్డ్ కిరీటాన్ని చిహ్నంగా వాడేవారు. రాజు చార్లెస్ ట్యూడర్ కిరీటాన్ని ఎంచుకున్నారు. దాంతో ప్రతి గవ్.యూకే పేజీ పైభాగంలో ఉండే చిన్న కిరీటం బొమ్మ కూడా మారాల్సి వచ్చింది. అప్పటికి 5.0.0 విడుదలై రెండు నెలలే. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను వదిలేసిన ఆ వెర్షన్‌కు చాలా జట్లు ఇంకా మారలేదు. కిరీటానికేమో గడువుంది. చివరికి కేంద్ర జట్టు ఒకే బొమ్మను 5.1.0, 4.8.0, 3.15.0 అనే మూడు విడుదలల్లో పెట్టింది. పాత వెర్షన్లకు కాలం చెల్లిందని ఎంత చెప్పినా, అవసరం పడిన రోజు వాటికీ విడుదల ఇవ్వక తప్పలేదు.

కేంద్ర జట్టు వాదన సూటిగానే ఉంటుంది: ప్రతి మార్పునూ మూడు చోట్ల చేసి, మూడు చోట్ల పరీక్షిస్తూ పోతే కొత్త పని సాగదు, కిరీటం ఒక మినహాయింపు మాత్రమే.

సేవల జట్ల వాదనకు కాస్త ఓపిక కావాలి: నంబరు పెంచడం అందరికీ ఒకేలా తేలిక కాదు. ఈ లైబ్రరీని రెండు రకాలుగా వాడవచ్చు. జావాస్క్రిప్టు టెంప్లేట్ భాష నంజక్స్‌లో రాసిన మాక్రోను పిలిస్తే హెడర్ హెచ్‌టీఎంఎల్‌ను ప్యాకేజీయే రాసిపెడుతుంది. పైథాన్, రూబీ, డాట్‌నెట్ వాడేవారికి ఆ దారి నేరుగా లేదు. వాళ్లు ఇతరులు రాసిన అనువాద ప్యాకేజీ మీద ఆధారపడాలి, లేదా డాక్యుమెంటేషన్ సైటులోని హెచ్‌టీఎంఎల్‌ను తమ టెంప్లేట్లోకి కాపీ చేసుకోవాలి. కిరీటం బొమ్మ హెడర్ హెచ్‌టీఎంఎల్‌లోనే ఎస్‌వీజీగా ఉంటుంది. కాబట్టి మాక్రో వాడినవారికి ప్యాకేజీ నంబరు పెంచితే పైనున్న కిరీటం మారిపోయింది. కాపీ చేసుకున్నవారు నంబరు పెంచినా పాత కిరీటమే కనిపించింది. ప్రతి టెంప్లేట్‌నూ తెరిచి చేత్తో మార్చాలి. చిహ్నాల ఫైళ్లున్న ఫోల్డర్‌ను మరిచిపోతే పేజీ మీద కొత్త కిరీటం, బ్రౌజర్ ట్యాబులో పాత కిరీటం. పని సగమే అయిందని అలా తెలిసిపోతుంది.

నా దృష్టిలో అసలు గీత ఇక్కడుంది. వెర్షన్ నంబరు ఇచ్చే హామీ మాక్రోకు వర్తిస్తుంది గానీ కాపీ చేసిన హెచ్‌టీఎంఎల్‌కు వర్తించదు.

దీని బీజం 2019లోని 3.0.0లోనే ఉంది. అందులో `data-module="radios"` కాస్తా `data-module="govuk-radios"` అయింది. మాక్రో వాడేవారికి ఆ మార్పు తెలియను కూడా తెలియదు. కాపీ చేసినవారి పేజీలో రేడియో బటన్లు చూడటానికి బాగానే ఉంటాయి. ఒకటి నొక్కితే కింద తెరుచుకోవాల్సిన గడి మాత్రం తెరుచుకోవడం, మూసుకోవడం మానేస్తుంది. 5.0.0లోనూ ఇదే తీరు: `<body>`కు `govuk-frontend-supported` క్లాసు చేర్చే చిన్న స్క్రిప్టు పాత టెంప్లేట్లో ఉండదు కనుక జావాస్క్రిప్టు మొదలవదు. ఈసారి కనీసం కన్సోల్లో `SupportError` అని కనిపిస్తుంది. అది మంచి మార్పే.

ఇందులో డాక్యుమెంటేషన్‌కూ వాటా ఉంది. సైటులోని ఉదాహరణలు విడుదలైన ప్యాకేజీ నుంచే తయారవుతాయి కాబట్టి అవి కోడుతో తప్పక సరిపోలతాయి. సరిపోలేది ఏ వెర్షన్‌తో అన్నదే చిక్కు. అక్కడ ఉండేది సరికొత్త రూపం. 4వ వెర్షన్‌లో ఉన్నవాడు దాన్ని కాపీ చేసుకుంటే, తన దగ్గర లేని వెర్షన్ హెచ్‌టీఎంఎల్‌ను తెచ్చిపెట్టుకున్నట్టే.

2025 జూన్ 25న గవ్.యూకే కొత్త రూపానికి మారినప్పుడు పద్ధతి కొంత మారింది. 5.10.0 ముందుగానే వచ్చింది, కానీ కొత్త రూపం అందులో ఆపి ఉంచిన స్థితిలో ఉంది. ఈ క్లాసు చేర్చిన పేజీకే అది వస్తుంది:

```html
<html class="govuk-template govuk-template--rebranded">
```

నంబరు పెంచడం ఒక రోజు, రూపం మార్చడం మరో రోజు చేసుకునే వీలు దీనివల్ల కలిగింది. రంగులు క్లాసుతో వచ్చాయి. హెడర్‌లోని లోగోను మాత్రం, కాపీ చేసుకున్న జట్లు మళ్లీ చేత్తోనే మార్చుకున్నాయి.