అయిదు గ్రాముల యంత్రం, నూట యాభై గ్రాముల డేగ: అముర్ డేగల దారి ఎలా తెలిసింది?

2012 అక్టోబరు, నవంబరు నెలల్లో నాగాలాండ్‌లోని వోఖా జిల్లాలో అముర్ డేగల వేట దృశ్యాలు బయటికొచ్చాయి. ఆఫ్రికాకు వలస వెళ్తూ దోయాంగ్ జలాశయం ఒడ్డున రాత్రి నిద్రకు చేరే ఈ చిన్న డేగలను చేపల వలలు కట్టి పట్టేవారు. ఆ ఒక్క సీజన్లోనే లక్షా ఇరవై వేల నుంచి లక్షా నలభై వేల దాకా చనిపోయి ఉంటాయని అప్పటి అంచనా. మరుసటి ఏడాది పాంగ్టీ తదితర గ్రామాలవారు వలలు తీసేశారు. 2013 నవంబరులో భారత వన్యప్రాణి సంస్థ, హంగరీ శాస్త్రవేత్తలు కలిసి మూడు డేగల వీపుమీద ఉపగ్రహ ట్యాగులు కట్టి వదిలారు. వాటికి నాగా, పాంగ్టీ, వోఖా అని పేర్లు పెట్టారు. ఆ అయిదు గ్రాముల పెట్టె అక్కడిదాకా రావడానికి నూరేళ్లకు పైగా పట్టింది.

మొదట్లో ఉన్నది కాలి రింగు ఒక్కటే. డెన్మార్క్‌లోని విబోర్గ్ పట్టణంలో బడిపంతులుగా పనిచేసిన హాన్స్ మోర్టెన్సెన్ 1890లో గోరింకల జాతి పిట్టలకు జింకు రింగులు తొడిగి చూశాడు. బరువెక్కువై పిట్టలు ఇబ్బంది పడ్డాయి. 1899లో అల్యూమినియంతో చేసి, ఒక్కోదాని మీద వేర్వేరు సంఖ్య, తిరిగి తెలపాల్సిన చిరునామా చెక్కాడు. ఇప్పటి రింగు కూడా ఆ పద్ధతిలోదే. మన దేశంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ 1927లో రింగులు వేయడం మొదలుపెట్టింది. కానీ పెద్ద ఎత్తున జరిగింది 1960ల్లో. దానికి కారణం పక్షులమీది ఆసక్తి మాత్రమే కాదు, ఒక రోగం. 1957లో కర్ణాటకలోని క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపడి, మనుషులకూ జ్వరం సోకింది. ఆ వైరస్ రష్యాలో పిడుదుల ద్వారా వ్యాపించే మెదడువాపు వైరస్‌కు దగ్గరి చుట్టంలా కనబడింది. వలస పక్షుల ఒంటిమీది పిడుదులు దాన్ని సైబీరియా నుంచి మోసుకొచ్చాయా అన్న అనుమానంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ డబ్బు ఇచ్చింది. సాలిం అలీ నాయకత్వాన వేలకు వేల పక్షులకు రింగులు పడ్డాయి.

రింగుకు ఉన్న బలహీనత ఏమిటంటే అది తనంతట తాను ఏమీ చెప్పదు. ఎవరికో ఒకరికి ఆ పక్షి మళ్లీ చిక్కాలి, లేదా చచ్చి కనబడాలి, ఆ మనిషి సంఖ్య చదివి కబురు పంపాలి. చిన్న పిట్టల విషయంలో వందకు ఒక్క కబురు కూడా రాదు. వచ్చినా తెలిసేది రెండు చోట్లు, రెండు తేదీలు. మధ్యలో ఏ దారిన వెళ్లింది, ఎక్కడ ఆగింది అన్నది ఊహే. పైగా మనుషులు లేని చోటి నుంచి రింగు కబురు రాదు. అముర్ డేగ ప్రయాణంలో కష్టమైన భాగం అరేబియా సముద్రం మీద. అక్కడ రింగు చదివేవాళ్లు ఎవరూ ఉండరు.

జంతువే తన చోటు చెప్పేలా చేయాలన్న ప్రయత్నం పెద్ద జంతువుతో మొదలైంది. 1970లో అమెరికాలోని వయోమింగ్‌లో క్రెయిగ్‌హెడ్ సోదరులు ఒక ఎల్క్ దుప్పి మెడకు కట్టిన కాలరు నుంచి నింబస్-3 ఉపగ్రహానికి సంకేతాలు అందాయి. ఆ కాలరు బరువు పది కిలోలకు పైనే. 1978లో ఫ్రాన్స్, అమెరికా కలిసి ఆర్గోస్ అనే వ్యవస్థను నిలబెట్టాయి. ఇందులో భారమంతా ఉపగ్రహం మోస్తుంది, ట్యాగు చేయాల్సింది చాలా తక్కువ. అందుకే ట్యాగును కుదించగలిగారు.

జీపీఎస్ కాలరుకూ దీనికీ ఉన్న తేడా తెలిస్తే చాలా గందరగోళం తీరుతుంది. జీపీఎస్ కాలరు పైనున్న ఉపగ్రహాల సంకేతాలు విని, తన చోటును తానే లెక్క కట్టుకుంటుంది. ఆ వినడానికి కరెంటు కావాలి. లెక్క కట్టాక దాన్ని మళ్లీ మొబైల్ నెట్‌వర్క్ ద్వారానో మరో ఉపగ్రహం ద్వారానో మనకు పంపాలి, దానికి ఇంకొంత కరెంటు కావాలి. ఏనుగు, పులి ఆ బ్యాటరీ బరువు మోయగలవు. లెక్క కూడా కొన్ని మీటర్ల తేడాతో వస్తుంది. 2000 మే నెలలో అమెరికా జీపీఎస్‌లో కావాలని పెట్టిన తప్పును తీసేయకముందు ఆ తేడా వంద మీటర్ల దాకా ఉండేది. అయిదు గ్రాముల ఆర్గోస్ ట్యాగు వీటిలో ఏదీ చేయదు. నిమిషానికి ఒకసారి, సెకను కంటే తక్కువసేపు, 401.65 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక చిన్న కూత వేసి ఊరుకుంటుంది. తానెక్కడుందో దానికే తెలియదు.

మరి చోటు ఎలా తెలుస్తుంది? ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాడికి రైలు దగ్గరికొస్తున్నంతసేపు కూత సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది కదా. ఇక్కడ కదిలేది వినేవాడు. సుమారు 850 కిలోమీటర్ల ఎత్తున, సెకనుకు ఏడు కిలోమీటర్లకు పైగా వేగంతో పోయే ఉపగ్రహానికి ట్యాగు కూత మొదట ఎక్కువ ఫ్రీక్వెన్సీలో, తర్వాత తక్కువలో అందుతుంది. అసలు ఫ్రీక్వెన్సీని దాటే క్షణమే అది ట్యాగుకు అతి దగ్గరగా ఉన్న క్షణం. మార్పు ఎంత చప్పున జరిగితే ట్యాగు ఉపగ్రహపు దారికి అంత దగ్గరున్నట్టు. ఉపగ్రహం ఒకసారి దాటడానికి పట్టేది సగటున పది నిమిషాలు. అంటే అందేవి పది కూతలకు అటూ ఇటూ, చాలాసార్లు మూడు నాలుగే అందుతాయి.

ఇక్కడే తప్పులు పుడతాయి. ఉపగ్రహపు దారికి కుడివైపున్నా ఎడమవైపున్నా కూత ఒకేలా మారుతుంది కాబట్టి ప్రతి లెక్కకూ రెండు జవాబులు వస్తాయి, ఒకటి అసలు, ఒకటి అద్దంలో బొమ్మ. భూమి తిరగడం వల్ల వచ్చే చిన్న తేడాను బట్టి కంప్యూటర్ ఒకదాన్ని ఎంచుకుంటుంది, అప్పుడప్పుడు తప్పుదాన్ని ఎంచుకుంటుంది. పట్టుకోవడం తేలికే. ఒక చుక్కకూ నలభై నిమిషాల తర్వాతి చుక్కకూ మధ్య ఆరు వందల కిలోమీటర్లుంటే గంటకు తొమ్మిది వందల కిలోమీటర్ల వేగం అవుతుంది. అంత వేగంతో పోయేది విమానం, డేగ కాదు. రెండో తప్పు ఎత్తుది. లెక్కలో ట్యాగు నేలమీద ఉన్నట్టు అనుకుంటారు, పక్షి నిజానికి కిలోమీటరు పైన ఎగురుతుండవచ్చు. మూడోది వేడిది. ఆ పది నిమిషాల్లో ట్యాగు వేడెక్కినా చల్లబడినా దాని ఫ్రీక్వెన్సీ తానే జరుగుతుంది, దాన్ని ఉపగ్రహం కదలిక వల్ల వచ్చిన మార్పుగా లెక్క తీసుకుంటుంది.

అందుకే ఆర్గోస్ ప్రతి చుక్కకూ ఒక తరగతి ఇస్తుంది. 3వ తరగతి అంటే తేడా 250 మీటర్ల లోపు, 2 అంటే 500 లోపు, 1 అంటే 1500 లోపు, 0 అంటే అంతకు మించి. A, B తరగతులకు మూడు, అంతకంటే తక్కువ కూతలే అందాయి కాబట్టి తేడా ఎంతో చెప్పరు. వార్తాపత్రికల్లో వచ్చే మ్యాపులు ఈ తరగతులన్నీ చెరిపేసి ఒకే రంగు చుక్కలు పెడతాయి. డేగ ఫలానా ఊరి చెరువు మీద ఆగిందని చెప్పే ముందు ఆ చుక్క ఏ తరగతిదో చూడాలి.

బరువు సంగతికొస్తే, పక్షి మోసేది దాని ఒంటి బరువులో మూడు శాతం మించకూడదన్నది ఎక్కువమంది పాటించే హద్దు. పాత హద్దు అయిదు శాతం. నూట యాభై గ్రాముల డేగకు మూడు శాతం అంటే నాలుగున్నర గ్రాములే. ట్యాగే అయిదు గ్రాములు, కట్టే పట్టీ అదనం. కాబట్టి వలలో పడ్డ ప్రతి డేగా పనికిరాదు, బాగా బరువున్నదాన్నే ఎంచుకోవాలి. దోయాంగ్ దగ్గర డేగలు రెక్కల చెదపురుగులు మేసి, సముద్రం దాటడానికి కొవ్వు పట్టించుకుంటాయి. ఆ కొవ్వే ఒక చిక్కు. ఈ రోజు మూడు శాతమైన ట్యాగు, సముద్రం దాటి చిక్కిపోయిన పక్షికి నాలుగు శాతం దాటొచ్చు.

ట్యాగును టెఫ్లాన్ పట్టీతో, బడిపిల్లల సంచిలాగా వీపుకు కడతారు. బిగువుగా కడితే కొవ్వు పట్టాక రొమ్ము కండరాలను ఒరుస్తుంది. వదులైతే ముక్కో కాలి గోరో అందులో ఇరుక్కుంటుంది. ట్యాగు మీది సోలార్ పలక ఈకల కింద దాగితే బ్యాటరీ నిండదు. కట్టేవాడి చేతి పనితనం మీద ఇంత ఆధారపడిన పని ఈ రంగంలో మరొకటి లేదనిపిస్తుంది.

ఆ చిన్న పలక రోజంతా ప్రసారానికి సరిపోదు. ఈ తరహా ట్యాగులకు సాధారణంగా పెట్టే క్రమం పది గంటలు ప్రసారం, నలభై ఎనిమిది గంటలు విశ్రాంతి. గంటకు నలభై అయిదు కిలోమీటర్ల చొప్పున లెక్కేసినా, ఆ విశ్రాంతిలో ఆగకుండా ఎగిరే డేగ 2,160 కిలోమీటర్లు పోతుంది. పశ్చిమ తీరం నుంచి సోమాలియా దాకా ఉన్న సముద్రంలో పెద్ద భాగం అదే. ఆ మధ్యలో మ్యాపు మీద కనిపించే గీత పక్షి గీసింది కాదు, మనం రెండు చుక్కలు కలిపి గీసింది.

ఇన్ని హద్దులతోనూ ఆ ట్యాగులు తెలిపింది తక్కువేమీ కాదు. 2010లోనే దక్షిణాఫ్రికాలోని న్యూకాజిల్ దగ్గర ఇదే జాతి డేగలకు అయిదు గ్రాముల ట్యాగులు కట్టి, అవి ఉత్తరానికి తిరిగి వెళ్లే దారి చూశారు. 2013లో నాగాలాండ్ నుంచి బయల్దేరినవి అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్రల మీదుగా అరేబియా సముద్రం దాటి ఆఫ్రికా కొమ్ముకు, అక్కణ్నుంచి దక్షిణానికి వెళ్లాయి. వోఖా సంకేతాలు ముందే ఆగిపోయాయి. నాగా, పాంగ్టీ ఏడాది తిరిగేసరికి మళ్లీ దోయాంగ్ చేరాయి.

సంకేతం ఆగితే పక్షి చనిపోయిందని కాదు. ట్యాగు చోటుతోపాటు బ్యాటరీ వోల్టేజీ, ఒంటి దగ్గరి ఉష్ణోగ్రత, కదలికల లెక్క కూడా పంపుతుంది. వోల్టేజీ వారాల తరబడి జారుతూ వచ్చి ఆగితే పలక ఈకల కింద పడిందనుకోవచ్చు. వోల్టేజీ బాగుండగానే హఠాత్తుగా ఆగితే యాంటెన్నా విరిగి ఉండవచ్చు, లేదా పక్షి వేటకు గురై ట్యాగు పాడై ఉండవచ్చు. సంకేతం వస్తూనే కదలికల లెక్క పెరగకుండా నిలిచిపోయి, ఉష్ణోగ్రత పగలు ఎండతో పైకి, రాత్రి చలితో కిందికి ఊగుతుంటే ట్యాగు నేలమీద పడి ఉన్నట్టే. పట్టీ తెగిందా, డేగ చచ్చిందా అన్నది మాత్రం మనిషి వెళ్లి వెతికితేనే తేలుతుంది. 2018 నవంబరులో మణిపూర్‌లోని తమెంగ్లాంగ్‌లో ట్యాగు కట్టిన ఒక డేగ కొద్ది రోజులకే వేటగాడి చేతిలో పోయింది.

ట్యాగుల ఖర్చు వల్ల ఇవి ఒక్కో ఏడాది కొద్ది పక్షులకే పరిమితం. మిగతా వేలకు రింగే దిక్కు. చెరువు గట్టునో పొలంలోనో కాలికి రింగున్న పక్షి కనబడితే అంకెలన్నీ, అక్షరాలతో సహా, కనిపించిన వరుసలోనే రాసుకుని, వీలైతే రింగు చుట్టూ తిప్పి ఫొటోలు తీయాలి. బతికున్న పక్షి కాలి నుంచి దాన్ని తీయకూడదు. మన దేశపు రింగుల మీద ఎవరికి తెలపాలో ఆ లోహం మీదే చెక్కి ఉంటుంది: INFORM BOMBAY NAT. HIST. SOCIETY.