కొరైజా: వాపు తగ్గిందంటే జబ్బు పోయినట్టేనా?

గుడ్ల కోసం కోళ్లను పెంచే లేయర్ ఫారాల నుంచి నాకు తరచూ వచ్చే ఫోన్ ఇది: "డాక్టర్ గారూ, మందు పెడితే ముఖం వాపులు తగ్గిపోయాయి. ఇప్పుడు కొత్త బ్యాచ్‌కు అదే వచ్చింది. చలిగాలి వల్లేనా?"

కొరైజా కోళ్ల ముక్కుకు, ముఖానికి పట్టే బ్యాక్టీరియా జబ్బు. చలిగాలి దాన్ని పుట్టించదు. ఉన్నదాన్ని ముదిరిస్తుంది, అంతే.

అపోహ: వాపు తగ్గితే జబ్బు పోయినట్టే.

వాస్తవం: రైతును ఎక్కువగా ముంచుతున్నది ఈ నమ్మకమే. మందుతో కోడి కోలుకుంటుంది, మేత తింటుంది, గుడ్లు పెడుతుంది. కానీ బ్యాక్టీరియా దాని ముక్కులో మిగిలిపోవచ్చు. చూడటానికి బాగానే ఉన్న ఆ కోడి నీళ్ల ద్వారా, తుమ్ముల తుంపరల ద్వారా పక్కవాటికి అంటిస్తూనే ఉంటుంది. ఈ క్రిమి కోడి బయట ఎక్కువ రోజులు బతకదు. అందుకే కొత్త బ్యాచ్‌కు వచ్చిందంటే నేను ముందు పాత షెడ్ వైపే చూస్తాను.

గోదావరి వైపు ఒక ఫారంలో మూడు షెడ్లు, మూడు వయసుల కోళ్లు. పాత షెడ్‌లో గుడ్ల శాతం 90 నుంచి 70కి పడింది. ఐదు రోజులు నీళ్లలో మందు ఇచ్చారు, వాపులు దిగాయి. ఆపిన వారానికి మళ్లీ లేచాయి. రెండో కోర్సుతో సర్దుకున్నాయి. తర్వాత ఇంకా గుడ్లకు రాని 16 వారాల పిల్ల కోళ్లను, అంటే పుల్లెట్లను, పక్క షెడ్‌లోకి దించారు. పనివాడు పాత కోళ్లకు మేత వేసి, అదే బకెట్‌తో, అవే చెప్పులతో కొత్త షెడ్‌లోకి వెళ్లేవాడు. కొద్ది రోజుల్లోనే తుమ్ములు, ముక్కు కారడం, చెడు వాసన, వాచిన ముఖాలు. రైతు పుల్లెట్లు అమ్మినవాళ్లను తిట్టాడు. కానీ వాళ్ల దగ్గర మిగిలిన కోళ్లకు ఏమీ లేదు. పైగా ఈ పుల్లెట్లకు టీకా ఒక్క డోసే పడింది.

ఆయనకు చెప్పింది ఇదే: ముందు చిన్న కోళ్ల పని, చివరికి పాతవాటి పని. ఒక్కో షెడ్‌కు వేరే చెప్పులు, వేరే బకెట్లు. పాత బ్యాచ్‌ను పూర్తిగా అమ్మేశాక షెడ్ కడిగి, మూడు వారాలు ఖాళీగా ఉంచాలి. తర్వాతి బ్యాచ్‌కు నాలుగు వారాల తేడాతో రెండు డోసులు వేసి, రెండో డోసు పడ్డ మూడు వారాలకు గానీ తేకూడదు. కొరైజాలో ఏ, బీ, సీ అని రకాలున్నాయి. మీ ఫారంలో తిరిగే రకం టీకాలో లేకపోతే రక్షణ సరిగా రాదు. "టీకా దండగ" అనేముందు ఆ సంగతి చూడండి.

ఇక సీఆర్‌డీ. ఇది మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియాతో కోళ్లకు వచ్చే, చాలాకాలం సాగే శ్వాస జబ్బు. మెల్లగా పాకుతుంది. రాత్రి లైట్లు ఆర్పి నిలబడితే గురక వినిపిస్తుంది. మైకోప్లాస్మాకు కణ కవచం ఉండదు కాబట్టి, ఆ కవచాన్ని దెబ్బతీసే అమాక్సిసిలిన్ దీనిమీద పనిచేయదు. పెంటలోంచి వచ్చే అమ్మోనియా ఘాటు తగ్గించకుండా ఏ మందు పోసినా ఫలితం తక్కువ. కొరైజా కూడా తోడైతే వారాల తరబడి సాగుతుంది.

వాచిన ముఖం చూసి చాలామంది బెంబేలెత్తిపోతారు. వట్టి కొరైజాలో చనిపోయేవి తక్కువే, కంగారు పడకండి. కానీ మరణాలు ఒక్కసారిగా పెరిగినా, తురాయి నల్లబడినా అది కొక్కెర తెగులు గానీ బర్డ్ ఫ్లూ గానీ కావచ్చు. చచ్చిన కోడిని మీరు కోయకండి. కోళ్లను, గుడ్లను బయటికి పంపకుండా వెంటనే పశువైద్యుడికి చెప్పండి.