ఎక్కిన స్టాప్ దిగకూడదు: ట్రెయిలింగ్ స్టాప్ లూప్‌పై అపోహలు - వాస్తవాలు

ధర మనకు అనుకూలంగా కదిలేకొద్దీ దాని వెంటే జరుగుతూ, ధర తిరగబడి తనను తాకితే మనల్ని బయటికి తెచ్చే హద్దే ట్రెయిలింగ్ స్టాప్. కొన్ని సెకన్లకోసారి పోల్ చేసి, అంటే ధర తెచ్చుకుని, ఆ స్టాప్‌ను సర్దే లూప్ రాయడం పది లైన్ల పనే. ఆ పది లైన్లలోనే నలుగురు నాలుగు రకాలుగా తప్పులు చేస్తుంటారు. ఇతరుల కోడ్ చూసేటప్పుడు నాకు పదేపదే ఎదురయ్యే నమ్మకాలు ఇవి. లెక్క సులువుగా ఉండటానికి అన్నిచోట్లా ఒకే ఉదాహరణ తీసుకుంటాను: 200 దగ్గర కొన్నాం, ట్రెయిల్ దూరం 4, కాబట్టి మొదటి స్టాప్ 196.

అపోహ: ప్రతి పోల్‌లో ధర నుంచి ట్రెయిల్ తీసేస్తే అదే ట్రెయిలింగ్ స్టాప్.

అలా రాస్తే స్టాప్ ఎప్పటికీ తగలదు. ధర 210 ఉంటే స్టాప్ 206, ధర 205కి పడితే స్టాప్ 201. ధర ఎంత పడినా స్టాప్ దానికంటే 4 కిందే ఉంటుంది. లాగ్‌లో మాత్రం స్టాప్ చక్కగా కదులుతూనే కనిపిస్తుంది కాబట్టి అనుమానం రాదు. పాత స్టాప్, కొత్త లెక్క, రెండింటిలో పెద్దదాన్ని ఉంచుకోవాలి. షార్ట్‌లో, అంటే ముందు అమ్మి తర్వాత కొనేటప్పుడు, చిన్నదాన్ని.

అపోహ: కొన్నాక వచ్చిన అత్యధిక ధర గుర్తుపెట్టుకుంటే చాలు, స్టాప్ దానంతటదే వెనక్కి రాదు.

చాలామంది రాసేది ఇలాగే ఉంటుంది:

```python
peak = max(peak, price)
stop = peak - trail
```

ట్రెయిల్ దూరం మారనంతవరకు ఇది సరిగ్గానే పనిచేస్తుంది. స్థిరమైన పాయింట్లు అయినా, స్థిరమైన శాతం అయినా ఇబ్బంది లేదు. తంటా అంతా ట్రెయిల్‌ను ఏటీఆర్ మీద కట్టినప్పుడు. ధర ఊగిసలాటను కొలిచే ఈ సూచిక (వెల్స్ వైల్డర్ 1978లో పరిచయం చేసింది) మార్కెట్ అల్లకల్లోలంగా ఉన్నప్పుడు పెరుగుతుంది. సరిగ్గా మనకు స్టాప్ కావాల్సిన సమయం కూడా అదే.

ఏటీఆర్ 2, గుణకం 2 అనుకుందాం. ట్రెయిల్ 4. ధర 210కి చేరింది, స్టాప్ 206. తర్వాత ధర 208కి తగ్గుతూ ఏటీఆర్ 3.5కి పెరిగింది, ట్రెయిల్ 7 అయింది. `peak` ఇంకా 210 దగ్గరే ఉంది, అది కిందికి రాలేదు. కానీ స్టాప్ 210 నుంచి 7 తీసేస్తే 203. అంటే 206 దాకా ఎక్కిన స్టాప్ మూడు పాయింట్లు దిగింది. ఇప్పుడు ధర 205కి పడితే బయటికి రావాల్సినవాళ్లం లోపలే ఉండిపోతాం.

కాబట్టి వెనక్కి రాకుండా పట్టుకోవాల్సింది శిఖరాన్ని కాదు, స్టాప్‌నే.

```python
def ratchet(stop, price, trail, side):
    cand = price - side * trail
    return max(stop, cand) if side > 0 else min(stop, cand)

def hit(stop, price, side):
    return side * (price - stop) <= 0
```

ముందు కొని తర్వాత అమ్మే లాంగ్‌కి `side` 1, షార్ట్‌కి -1. పై ఉదాహరణలో 208 నుంచి 7 తీసేస్తే 201 వస్తుంది, కానీ 206 పెద్దది కాబట్టి అదే నిలుస్తుంది. ఏటీఆర్ పెరిగితే స్టాప్‌ను కావాలనే వదులు చేసే వ్యూహాలూ ఉన్నాయి. అది వేరే నిర్ణయం, తెలిసి తీసుకోవాలి.

అపోహ: స్టాప్ మొదటి విలువ సున్నా పెట్టినా లూప్ సర్దుకుంటుంది.

లాంగ్‌లో నిజంగానే సర్దుకుంటుంది, 0, 196లలో పెద్దది 196 కదా. అందుకే ఈ తప్పు చాలాకాలం దాక్కుంటుంది. అదే కోడ్‌తో షార్ట్ తీసుకోండి: 0, 204లలో చిన్నది 0, ధర దానికంటే పైనే ఉంది, మొదటి పోల్‌లోనే స్టాప్ తగిలినట్టు లెక్క. ఆర్డర్ ఎక్కడం, వెంటనే దిగిపోవడం చూసి బ్రోకర్‌ను తిట్టుకునేవాళ్లు ఉంటారు.

లాంగ్‌కైనా సున్నా ముప్పే. స్టాప్ 206 ఉండగా ప్రోగ్రామ్ ఆగి, ధర 207 దగ్గర మళ్లీ మొదలైతే, సున్నాతో మొదలైన స్టాప్ 203 అవుతుంది. లోపల లూప్ ఎంత పకడ్బందీగా ఉన్నా రీస్టార్ట్ దాన్ని వెనక్కి తిప్పేసింది. స్టాప్ మారిన ప్రతిసారీ ఫైల్‌లోనో డేటాబేస్‌లోనో రాసి, మొదలైనప్పుడు అక్కడి నుంచే చదవాలి. అక్కడ లేకపోతే ఎంట్రీ ధర నుంచి లెక్కించాలి.

అపోహ: ముందు స్టాప్ తగిలిందా అని చూసి, తర్వాతే జరపాలి, లేకపోతే ఫలితం తప్పుతుంది.

ఒకే ఒక ధరతో పనిచేసే లూప్‌లో ఏది ముందు చేసినా ఒకటే. కొత్త లెక్క ఎప్పుడూ ధరకంటే ట్రెయిల్ అంత కిందే ఉంటుంది, కాబట్టి ఆ ధరే దాన్ని తాకలేదు. దీనిపై గంటలు గంటలు వాదించుకోవడం అనవసరం.

ఒక్కో కాలవ్యవధిలోని గరిష్ఠ, కనిష్ఠ ధరలు చూపే క్యాండిల్ వాడితే మాత్రం క్రమం ముఖ్యం. ట్రెయిల్ 4, స్టాప్ 206, క్యాండిల్ గరిష్ఠం 212, కనిష్ఠం 207 అనుకోండి. ముందు గరిష్ఠంతో జరిపితే స్టాప్ 208, కనిష్ఠం 207 దాన్ని తాకినట్టే. కానీ 207 ముందు వచ్చి 212 తర్వాత వచ్చి ఉండొచ్చు, క్యాండిల్ ఆ సంగతి చెప్పదు. పాత స్టాప్‌ను కనిష్ఠంతో చూసి, ఆ తర్వాత గరిష్ఠంతో జరపడమే సబబు. ఇంకోటి, మనం కొన్న క్యాండిల్ గరిష్ఠంలో మనం కొనకముందు వచ్చిన ధర కూడా ఉండొచ్చు. ఆ క్యాండిల్‌ను వదిలేయాలి.

అపోహ: ఒక్క తప్పుడు ధర వచ్చినా తర్వాతి పోల్‌లో సరైపోతుంది.

మామూలు లూప్‌లో అవును. ఇక్కడ కాదు, ఎందుకంటే ఇది మరచిపోని లూప్. ధర 208, 260, 209 అని వచ్చిందనుకోండి. మధ్యలో ఉన్నది ఫీడ్ తప్పు. స్టాప్ 256కి ఎగబాకి అక్కడే ఉండిపోతుంది, తర్వాతి పోల్‌లో 209 చూసి అమ్మేస్తుంది. షార్ట్‌లో సున్నా ధర వస్తే కూడా ఇదే జరుగుతుంది: స్టాప్ 4 అవుతుంది, తర్వాతి మామూలు ధరకే బయటికి.

నేను వాడే మందు ఇది: స్టాప్‌ను జరపడానికి చివరి రెండు ధరల్లో మనకు అనుకూలత తక్కువ ఉన్నదాన్ని తీసుకుంటాను, అంటే లాంగ్‌లో చిన్నది. 208, 260లలో 208, ఆ తర్వాత 260, 209లలో 209. ఒంటరి తప్పు ధర ఎప్పటికీ స్టాప్ దాకా చేరదు. స్టాప్ ఒక పోల్ ఆలస్యంగా ఎక్కుతుంది, అంతే నష్టం. తగిలిందా అని చూడటానికి మాత్రం తాజా ధరే వాడాలి. సున్నాలను, టైమ్‌స్టాంప్ పాతబడిన ధరలను అసలు లోపలికే రానివ్వకూడదు.

అపోహ: స్టాప్ 206 అంటే 206కే బయటపడతాం.

ఒక పోల్‌లో 208, తర్వాతి పోల్‌లో 204.5 అయితే మన అమ్మకం 204.5 చుట్టుపక్కలే. మధ్యలో 206కి దిగి మళ్లీ పైకి వెళ్లినా మనకు తెలియదు. అందుకే చాలామంది స్టాప్ ఆర్డర్‌ను బ్రోకర్ దగ్గరే ఉంచి, లూప్‌తో దాన్ని జరుపుతుంటారు. అప్పుడు రెండు విలువలు విడిగా ఉంచుకోవాలి: మనం కోరుకున్న స్టాప్, బ్రోకర్ ఒప్పుకున్న స్టాప్. మార్పు రిజెక్ట్ అయితే కోరుకున్నది 206, అక్కడున్నది ఇంకా 203. రెండో విలువను బ్రోకర్ నుంచి ఖాయం అయ్యాకే మార్చండి, తేడా ఉన్నంతసేపు ప్రతి పోల్‌లో మళ్లీ పంపండి. కొత్త స్టాప్‌ను ధర అప్పటికే దాటేసి ఉంటే మళ్లీ పంపినా రిజెక్టే కావచ్చు. అప్పుడు ఆ స్టాప్ ఆర్డర్‌ను రద్దు చేసి, రద్దు ఖాయమయ్యాక మార్కెట్ ఆర్డర్‌తో దిగిపోవాలి. రద్దు ఖాయం కాకముందే అమ్మితే రెండూ అమ్ముడుపోయి, మనకు తెలియకుండానే షార్ట్‌లో ఉంటాం.